ఫిజిక్స్ నోట్సు చివరి పేజీ: నా అనుభవం

నాకిప్పుడు పద్దెనిమిదేళ్ళు. మాది విజయవాడ సింగ్ నగర్. ఒక అమ్మాయి నాతో ఇక మాట్లాడనన్నాక, 2024 నవంబరు నుంచి 2025 జూన్ దాకా నాకు జరిగింది ఇది. అప్పట్లో ఇలాంటిది ఒక్కటి దొరికినా చదువుకునేవాణ్ణి. "కాలమే అన్నీ మాన్పుతుంది" అని అందరూ అంటారు. ఎన్ని రోజులు, ఏ రోజు ఎలా ఉంటుంది అన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు. అందుకే తేదీలతో రాస్తున్నాను. ఆ అమ్మాయి పేరు రాయను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు మా ఇంట్లోకి వచ్చింది. రెండు రోజులు పై వాటావాళ్ళ ఇంట్లో ఉండి, తర్వాత పడవ మీద ఫ్లైఓవర్ దగ్గరికి చేరి, అక్కణ్ణుంచి పటమటలో పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళాం. తిరిగొచ్చేసరికి నా ఇంటర్ పుస్తకాలు బురద ముద్దలు. ట్యూషన్‌లో నా వెనక బెంచీలో కూర్చునే అమ్మాయి అది తెలిసి తన ఫిజిక్స్ నోట్సు మొత్తం ఫోటోలు తీసి పంపింది. రోజుకు పది పేజీలు. నేను అడగలేదు. అలా మాటలు మొదలయ్యాయి. ఆ నోట్సు చూసి నేను మళ్ళీ రాసుకున్న పుస్తకంలో బొమ్మలు కూడా తన పద్ధతిలోనే ఉంటాయి, బాణాలు పొడుగ్గా, పేర్లన్నీ కుడి వైపు వరుసగా. అక్టోబరు మొదట్లో ఇద్దరం చెప్పుకున్నాం. చెప్పుకున్నాక ఉన్నది నెలన్నర. నెలన్నరకు ఇంతా అని మీకనిపించవచ్చు. నాకూ ఆ ప్రశ్న వచ్చింది, చాలాసార్లు.

నవంబరు 15 కార్తీక పౌర్ణమి. అమ్మ 365 వత్తులు వెలిగించింది, ఫోటో తీసి తనకు పంపాను. బాగుందంది. రెండు రోజుల తర్వాత, 17వ తేదీ ఆదివారం రాత్రి 9:40కి మెసేజ్ వచ్చింది. "ఇక మనం మాట్లాడుకోవద్దు. నాకు ముందులా అనిపించడం లేదు. నీ తప్పేం లేదు. ప్లీజ్, ఫోన్ చేయకు." అంతే.

ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. చేతులు చల్లబడ్డాయి. పొట్టలో ఏదో జారిపోతున్నట్టు ఉంది. ఆ మెసేజ్‌ని ఒక్కొక్క మాటగా చదివాను. "ముందులా" అంటే ఎప్పటిలా? పౌర్ణమి రోజు "బాగుంది" అన్నప్పటికే అలా అనిపించడం లేదా? ఆ రాత్రి ఎప్పుడు పడుకున్నానో తెలియదు, మెలకువ వచ్చేసరికి 3:40. ఆ తర్వాత దాదాపు నెల రోజులు అదే టైముకు లేచాను, అలారం పెట్టినట్టు.

పొద్దున లేవడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే రోజు మొత్తంలో అదే అన్నిటికంటే కష్టం. కళ్ళు తెరిచాక రెండు మూడు క్షణాలు ఏమీ గుర్తుండదు. గదిలో ఫ్యాను, కిటికీ, అంతా మామూలుగా ఉంటుంది. తర్వాత ఒక్కసారిగా గుర్తొస్తుంది. ప్రతి రోజూ ఆ వార్త మళ్ళీ కొత్తగా విన్నట్టే. పగలంతా ఎంత సర్దుకున్నా మర్నాడు 3:40కి మొదటికొచ్చేది.

తిండి పోలేదు. అమ్మ ముద్దపప్పులో నెయ్యి వేసి ఆవకాయ పెట్టినా గొంతు దిగేది కాదు. మజ్జిగ అన్నం ఒక్కటే కొంచెం వెళ్ళేది. మా వీధి చివర బండి మీద పునుగులంటే నాకు ప్రాణం, ఫ్రెండ్ బలవంతాన తినిపిస్తే అట్టముక్క నమిలినట్టు ఉంది. పాటలు పెడితే ఆపేయాలనిపించేది, క్రికెట్ చూస్తుంటే ఎవరు గెలిస్తే ఏంటనిపించేది. ఇంజనీరింగ్, ఉద్యోగం, అన్నీ వేరే ఎవరివో అనిపించాయి. ఇది బాధ కంటే వేరు. బాధలో ఏదో ఒకటి కావాలనుంటుంది. ఇందులో ఏదీ అక్కర్లేదు, ఎప్పటికీ అక్కర్లేదు అని గట్టి నమ్మకం. నాకది నిజమని తోచేది, అందరికీ తెలియని నిజం నాకొక్కడికే తెలిసిపోయినట్టు.

నా ఫ్రెండ్ ఒక మాటన్నాడు. "రేయ్, ఇల్లు మునిగితేనే ఏడవలేదు. దీనికా?" వాడు తిట్టడానికి అనలేదు, వాడికి నిజంగా అర్థం కాలేదు. నాకూ అర్థం కాలేదు. ఇప్పుడైతే ఇలా అనుకుంటున్నాను. వరదకు వీధి మొత్తం మునిగింది, అందరం కలిసి బురద ఎత్తిపోసుకున్నాం. దీనికి మునిగింది నేనొక్కణ్ణే. ఇంట్లో చెప్పుకునే వీలు కూడా లేదు.

మొదటి నాలుగు రోజుల్లో తనకు పద్నాలుగు మెసేజ్‌లు పెట్టాను. క్షమించమన్నాను, దేనికో నాకే తెలియదు. ఒక్కసారి మాట్లాడితే చాలన్నాను. నాలుగో రోజు సాయంత్రం డీపీ మాయమైంది, బ్లాక్ చేసిందని అర్థమైంది. అప్పుడు ఫ్రెండ్ ఫోన్ తీసుకుని తన లాస్ట్ సీన్ చూడటం మొదలుపెట్టాను.

ఇక్కడ నేను చేసిన తప్పు ఉంది, దాన్ని దాచను. నవంబరు 25, 26 సాయంత్రాలు సత్యనారాయణపురంలో వాళ్ళ వీధి చివర నిలబడ్డాను. ఒక్కో రోజు నలభై నిమిషాలు. ఏమీ చేయలేదు, కనిపిస్తే చాలనుకున్నాను. నా మనసులో అది ప్రేమ. 27న ట్యూషన్ బయట తన ఫ్రెండ్ నన్ను ఆపి చెప్పింది. "నువ్వు అక్కడ నిలబడుతుంటే తనకు భయమేస్తోంది. నిన్నటి నుంచి వాళ్ళ నాన్న దింపి వెళ్తున్నారు. ఎందుకని అడిగితే చెప్పలేక ఏడుస్తోంది. ఫోన్ చేయొద్దని చెప్పింది కదా, దానికి అర్థం వీధికి రమ్మనా?"

వరదలో నాకోసం రోజుకు పది పేజీలు ఫోటోలు తీసిన అమ్మాయి నన్ను చూసి భయపడుతోంది. నా బాధంతా ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. ఆ రోజు తర్వాత ఆ వైపు వెళ్ళలేదు. ట్యూషన్ సార్‌ని సాయంత్రం బ్యాచ్ నుంచి పొద్దున ఆరింటి బ్యాచ్‌కి మార్చమని అడిగాను. ఎందుకని అడుగుతారేమోనని టెన్షన్ పడ్డాను. "సరే, రేపట్నుంచి రా" అన్నారు, అంతే. నేననుకోని మేలు ఒకటి జరిగింది. ఎలాగూ 3:40కి లేస్తున్నాను కదా, స్నానం చేసి సైకిలెక్కడానికి ఒక కారణం దొరికింది. ఆ చీకటి గంటలు కొంచెం తగ్గాయి.

మార్కులు మాత్రం పడిపోయాయి. ఫిజిక్స్‌లో 60కి 50 పైన వచ్చేవాడికి నవంబరు చివరి టెస్టులో 23 వచ్చాయి. ప్యాంటు నడుం దగ్గర జారుతుంటే అమ్మకు అనుమానం వచ్చింది. కామెర్లేమోననుకుంది. డిసెంబరు 7 శనివారం మా వీధి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఫీజు 300, రక్త పరీక్షలకు 850. బరువు 57 ఉండేవాణ్ణి, 52న్నర ఉన్నాను. రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయి. డాక్టర్ రిపోర్టు పక్కన పెట్టి, "అమ్మా, మీరు రెండు నిమిషాలు బయట కూర్చోండి" అన్నారు. తలుపు మూశాక "ఏం జరిగింది బాబూ?" అని అడిగారు. ఇరవై రోజుల్లో ఎవరూ అలా అడగలేదు. అప్పుడు ఏడుపొచ్చింది.

ఆయన నవ్వలేదు, ఈ వయసులో ఇవన్నీ మామూలే అనలేదు. ఫోన్ ఎన్నిసార్లు చూస్తున్నావని అడిగారు. బ్లాక్ చేసినా పాత చాట్ తెరిచి చదువుకుంటున్నానని చెప్పాను. "పుండు ఆరేటప్పుడు పక్కు కడుతుంది. దురద పెడుతుంది, గిల్లాలనిపిస్తుంది. గిల్లిన ప్రతిసారీ మళ్ళీ మొదట్నుంచి ఆరాలి. నువ్వు చేస్తున్నది అదే" అన్నారు. మానేయమంటారనుకున్నాను. "మానేయమని చెప్పను, ఇప్పుడు నీ వల్ల కాదు. చూసిన ప్రతిసారీ ఒక గీత గీయి. రాత్రికి లెక్కపెట్టు, అంతే" అన్నారు. ఆకలి ఉన్నా లేకపోయినా మూడు పూటలా ఏదో ఒకటి తినమన్నారు. మందు రాయలేదు. రెండు వారాల్లో ఏ మార్పూ లేకపోతే సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపిస్తానని, అందులో భయపడాల్సింది ఏమీ లేదని చెప్పారు. చివరికి మనసు బాధ చెప్పుకునే ప్రభుత్వ హెల్ప్‌లైన్ నంబరు రాసిచ్చారు, 14416. "బతకాలని లేదు అనిపిస్తే రాత్రయినా సరే అమ్మను లేపు. లేపలేకపోతే దీనికి ఫోన్ చెయ్యి. డబ్బులు పడవు."

గీతలు ఫిజిక్స్ నోట్సు చివరి పేజీలో గీశాను, ఎప్పుడూ దగ్గరుండేది అదే కాబట్టి. డిసెంబరు 8న మొత్తం 71. మహా అయితే పాతిక ఉంటుందనుకున్నాను. 71 చూసి నాకే భయమేసింది. అయితే గీత గీయాలంటే పుస్తకం తీయాలి, పెన్ను వెతకాలి. ఆ బద్ధకానికి కొన్నిసార్లు ఫోన్ తీయకుండా ఉండిపోయాను. 11వ తేదీకి 52.

ఆ 11వ తేదీ రాత్రే అన్నిటికంటే చెడ్డ రాత్రి. ప్రత్యేకంగా ఏమీ జరగలేదు. రేపు మెలకువ రాకపోతే బాగుండునని అనిపించింది, ఆ ఆలోచన పోకుండా అక్కడే కూర్చుంది. అమ్మను లేపాలంటే అన్నీ చెప్పాలి. ఒంటిగంట దాటాక 14416కి చేశాను. ఏ భాషలో మాట్లాడాలో ఎంచుకోమంది, తెలుగు నొక్కాను. ఒక ఆవిడ మాట్లాడారు. ఆవిడ నేరుగా అడిగారు, "చనిపోవాలని ఆలోచన వస్తోందా?" అని. ఆ మాట బయటికి వినేసరికి ఉలిక్కిపడ్డాను. కానీ "లేవకపోతే బాగుండనిపిస్తోంది" అని చెప్పగానే గుండెల మీద ఏదో దించినట్టయింది. ఇంట్లో ఎవరున్నారు, ఎవరితో చెప్పగలవు అని అడిగారు. కాల్ మొత్తం 22 నిమిషాలు. నేను అమ్మను లేపుతానని చెప్పాకే ఫోన్ పెట్టేశారు.

అమ్మ లేచి కూర్చుని అంతా వింది. తిడుతుందనుకున్నాను. "ఆ అమ్మాయేనా నాన్నా, వరదప్పుడు నోట్సు పంపింది?" అంది. అవునన్నాను. "మంచి పిల్ల" అంది. ఆ మాటతో ఇద్దరం ఏడ్చాం. తను చెడ్డదని ఎవరైనా అంటే నాకు తేలికవుతుందని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. అది కాదు, నాకు ఎంత పోయిందో ఒకరికి తెలియడం కావాల్సింది. అమ్మ పాలు వేడి చేసి ఇచ్చి తెల్లారేదాకా పక్కనే ఉంది. ఆ రోజు నుంచి నా ఫోన్ రాత్రి పదికి బీరువాలోకి, పొద్దున ఐదున్నరకు నా చేతికి. మొదటి మూడు రాత్రులు చేయి దానంతటదే దిండు కింద వెతికేది. వారానికి మెలకువ 4:30కి జరిగింది.

అమ్మ నాన్నకు ఏం చెప్పిందో తెలియదు. నాన్న ఆటోనగర్‌లో లారీ బాడీ పని చేస్తారు. 22వ తేదీ ఆదివారం "షాపుకు రా, మనిషి తక్కువున్నాడు" అన్నారు. క్యాబిన్ డోరుకు లప్పం పెట్టి ఆరబెట్టి ఉంది. నీళ్ళు పోస్తూ వాటర్ పేపర్‌తో రుద్దాలి. కంటికి నున్నగా కనిపిస్తుంది, అరచేత్తో తడిమితే ఎత్తుపల్లాలు తెలుస్తాయి. కళ్ళు మూసుకుని తడమమన్నారు నాన్న. రుద్దడం, కడగడం, తడమడం. అన్నానికి పిలిచినప్పుడు టైము చూస్తే ఒంటిగంటన్నర. పదిన్నరకు మొదలుపెట్టాను. మూడు గంటల్లో తను ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

సంతోషించాలి కదా. నాకు భయమేసింది. ఇలాగే పోతుందా? పోతే నా దగ్గర ఇంక ఏం మిగులుతుంది? మర్చిపోవడం తనకు ద్రోహం చేసినట్టు అనిపించింది. గబగబా చేతులు తుడుచుకుని పాత చాట్ తెరిచాను. ఆ రోజు గీతలు 34, అందులో సగం ఆ మధ్యాహ్నం తర్వాతివే. ఈ సంగతి నాకెవరూ ముందుగా చెప్పలేదు. తగ్గడం మొదలైనప్పుడు దాన్ని మనమే ఆపుతాం. కొంతకాలం ఆ బాధను పట్టుకుని వేలాడతాం, తనకు సంబంధించి మన దగ్గర మిగిలింది అదొక్కటే కాబట్టి. డాక్టర్ రెండోసారి చూసినప్పుడు ఇది చెప్పాను. "బాధ పోతే ఆ అమ్మాయి చేసిన మేలు కూడా పోతుందా?" అని అడిగి ఊరుకున్నారు. బరువు 53. సైకియాట్రిస్ట్ ఇప్పుడే అవసరం లేదన్నారు.

ఆ తర్వాత నేరుగా తగ్గలేదు. క్రిస్మస్‌కి 21 ఉన్న గీతలు జనవరి 1న 58కి లేచాయి, పొద్దున్నుంచీ ఫోన్ మోగుతుంటే ప్రతిసారీ తనేమోనని. సంక్రాంతికి పామర్రు దగ్గర అమ్మమ్మ వాళ్ళ ఊరెళ్ళాం. కనుమ నాడు గారెలు కోడికూరతో కడుపునిండా తిన్నాను, రుచి తెలిసింది. ఆ రాత్రి బావలంతా నవ్వుకుంటుంటే నేను పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. రెండూ ఒకే రోజు. జనవరి చివర్లో 9, 12, 6, మళ్ళీ 17. పండుగలు, తన పుట్టినరోజు, సాయంత్రం ఆరింటి వేళ, అప్పుడు గీతలు ఎక్కువ. పరీక్షల ముందు వారాల్లో తక్కువ.

మార్చి 3 నుంచి పబ్లిక్ పరీక్షలు. ఫిజిక్స్ పేపర్‌కు ముందు రోజు రాత్రి న్యూక్లియర్ రియాక్టర్ బొమ్మ వేసి చూసుకున్నాను. బాణాలు పొడుగ్గా, పేర్లు కుడి వైపు వరుసగా. తన బొమ్మ. చేయి ఆగలేదు. చాలా సేపటికి ఇంకో మూడు ప్రశ్నలు చదివేశాక గానీ అది తన బొమ్మని నాకు తట్టలేదు. ఏప్రిల్ 12న రిజల్ట్స్ వచ్చాయి. నవంబరులో అనుకున్నంత ఘోరం కాదు, ఆగస్టులో అనుకున్నంత గొప్పా కాదు.

మే నెలలో ఒకసారి తనను చూశాను. బీసెంట్ రోడ్డులో, గాజుల షాపు ముందు, వాళ్ళమ్మతో. తను నన్ను చూడలేదు. గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే పక్కనున్నవాళ్ళకు వినిపిస్తుందేమో అనుకున్నాను. పక్క సందులోకి తిరిగి లెనిన్ సెంటర్ దాకా నడిచాను, కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి. నిమ్మసోడా తాగాను, 20 రూపాయలు. పాత పుస్తకాల షాపుల ముందు అరగంట నిలబడ్డాను. మళ్ళీ నవంబరు మొదలవుతుందని భయపడుతూ ఇంటికొచ్చాను. రాత్రి అన్నం తిన్నాను. మర్నాడు లేచేసరికి ఏడు దాటింది, అమ్మ ఫోన్ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళింది కూడా.

పోయిన వారం మా వీధిలో ఒక తమ్ముడు సెకండియర్‌కి వచ్చాడు, ఫిజిక్స్ నోట్సు అడిగాడు. ఇచ్చేముందు చివరి పేజీ గుర్తొచ్చి తెరిచాను. గీతలు, పక్కన తేదీలు. ఫిబ్రవరిలో రోజుకు నాలుగైదు, మార్చిలో వారానికి రెండు మూడు. చివరి తేదీ మార్చి 29, ఒకే గీత. ఆ తర్వాత సున్నా అని రాసి ఉంటుందేమోనని చూశాను. లేదు. మానేయాలని అనుకున్న రోజు కూడా ఏదీ గుర్తులేదు. రాయడమే మర్చిపోయాను.

ఆ కాగితం చించి మడిచి నా దగ్గర పెట్టుకున్నాను. పుస్తకం వాడికిచ్చాను. వాడు అక్కడే నిలబడి తిరగేశాడు. "అన్నా, బొమ్మలు భలే వేశావు" అన్నాడు.

"నేను కాదురా, ఒక ఫ్రెండ్ వేసింది చూసి నేర్చుకున్నా" అని చెప్పాను.